వలలో చేప ఎప్పుడు చచ్చింది?

మాచవరం మండలానికి ఉత్తరపు అంచున కృష్ణ ఉంది. పులిచింతల ఆనకట్ట, అంటే కాగితాల్లో డాక్టర్ కె.ఎల్. రావు సాగర్, కట్టాక ఆ నది ఇక్కడ నదిలా పారడం మానేసి చెరువులా నిలిచింది. 45.77 టీఎంసీల జలాశయం అది. ఆ నీళ్ళలో బొచ్చె, శీలావతి, ఎర్రమోసు, వాలుగ, జెల్లలు పెరుగుతాయి. పొద్దున్నే గోనెపట్టా మీదో, అల్యూమినియం బేసిన్‌లోనో ఊళ్ళోకి అమ్మకానికి వస్తాయి. ఆ పక్కనే ఇంకోచోట థర్మోకోల్ పెట్టెలో మంచు మధ్య మరో రకం బొచ్చెలుంటాయి. అవి కైకలూరు, ఆకివీడు వైపు చెరువుల్లో పెంచినవి, రాత్రి బండికి వచ్చినవి.

వేసవిలో ఒక ఆదివారం పొద్దున ఎనిమిదింటికి ఈ రెండింటి మధ్య నిలబడ్డాను. గోనెపట్టా దగ్గర కూర్చున్న పెద్దావిడను అడిగాను.

"ఎప్పటివి పెద్దమ్మా ఇవి?"

"తెల్లారగట్ల తీశారయ్యా. ఇంకా నీళ్ళు కూడా ఆరలా, చూడు."

ఆమె చెప్పింది నిజం. వల తెల్లవారుజామునే తీశారు. కానీ కొనేవాళ్ళు అడగాల్సిన ప్రశ్న అది కాదు. జలాశయంలో బొచ్చెను ఎక్కువగా పట్టేది సన్నని నైలాన్ వలతో. సాయంత్రం పొద్దుగూకే వేళ నీళ్ళలో గోడలా నిలబెట్టి వస్తారు, మర్నాడు చీకటితో వెళ్ళి లాగుతారు. చేప వల కన్నులో తల దూర్చుతుంది, ఒళ్ళు పట్టదు, వెనక్కి లాగబోతే దారం మొప్పల మూత కింద బిగుసుకుంటుంది. చేప నోటితో నీళ్ళు తీసుకుని మొప్పల గుండా బయటికి తోస్తూ ఊపిరి పీలుస్తుంది. మూత తెరుచుకోకపోతే ఆ పని ఆగిపోతుంది, నీళ్ళలోనే ఊపిరాడక చస్తుంది. రాత్రి పదింటికి చిక్కింది కాసేపటికే చస్తుంది. తెల్లవారి అయిదింటికి చిక్కింది పడవలోకి వచ్చేసరికి ఇంకా కొట్టుకుంటూ ఉంటుంది. రెండూ ఒకే వలలోవి, ఒకే గోనెపట్టా మీదవి, రెండింటికీ "తెల్లారగట్ల తీసిందే" అన్న మాట వర్తిస్తుంది. కానీ ఒకటి చచ్చి పది గంటలయింది, ఇంకొకటి మూడు గంటలయింది.

వేసవిలో ఆ ఏడు గంటల తేడా చాలా పెద్దది. చేప చెడే వేగాన్ని అంచనా కట్టడానికి ఆహార శాస్త్రంలో ఒక మోటు సూత్రం వాడతారు. కరుగుతున్న మంచులో, అంటే సున్నా డిగ్రీల్లో, చెడే వేగాన్ని ఒకటి అనుకుంటే T డిగ్రీల వేడిలో ఆ వేగం (0.1T + 1)² రెట్లు ఉంటుంది. నీళ్ళు 28 డిగ్రీలుంటే 3.8ని 3.8తో గుణించాలి, పద్నాలుగు రెట్లు పైమాటే. రాత్రి పదింటికి చచ్చి పొద్దున ఎనిమిదింటికి బజారుకొచ్చిన చేప, మంచులో 144 గంటలున్న చేపతో సమానం. అంటే దాదాపు ఆరు రోజులు. అయిదింటికి చచ్చిందైతే మంచులో 43 గంటలున్నదానితో సమానం, రెండు రోజులకు తక్కువే. నిన్న చెరువులో పట్టి వెంటనే మంచులో పెట్టిన పెంపకపు బొచ్చె ఈ లెక్కలో ఒకటి, ఒకటిన్నర రోజులది. ఈ సూత్రం చలిదేశాల చేపలను చూసి కట్టింది. వేడి దేశాల చేపలకని తరవాత కట్టిన లెక్కల్లో 28 డిగ్రీల దగ్గర వేగం ఇంకా ఎక్కువగా తేలుతుంది. కాబట్టి పై అంకెలు తక్కువ వైపే ఉన్నాయనుకోవాలి.

ఇక్కడ మనలో చాలామందికి ఉన్న నమ్మకం ఒకటి సడలుతుంది. నది చేప తాజాది, మంచు చేప పాతది అనుకుంటాం. మంచులో చేపకు కాలం మెల్లగా నడుస్తుంది, అంతే. దాని పుట్టుక ఎక్కడన్నది వయసు చెప్పదు. వయసు చెప్పేది దాని ఒళ్ళే.

మొదట కళ్ళు. కొనేవాళ్ళందరూ చూసేవి అవే. బతికున్న చేప కన్ను బయటికి కొంచెం ఉబ్బి, నల్లటి పాపతో, గాజు గోళీలా మెరుస్తుంది. ఆ ఉబ్బు లోపలి ద్రవం ఒత్తిడి వల్ల వస్తుంది. పైపొర అద్దంలా ఉండటానికి కారణం, ఆ పొరలోని కణాలు లోపలికి చేరే నీటిని ఎప్పటికప్పుడు బయటికి తోడేస్తుండటం. తోడే పనికి శక్తి కావాలి. చేప చచ్చాక ఆ శక్తి అయిపోతుంది, పొర నీరు పీల్చుకుని ఉబ్బి పాలరంగుకు తిరుగుతుంది. ద్రవం మెల్లగా జారిపోయి కన్ను చదునవుతుంది, తరవాత గుంట పడుతుంది. పాప నలుపు తగ్గి బూడిదరంగుకు వస్తుంది.

కాబట్టి కన్నును పైనుంచి కాకుండా పక్కనుంచి చూడాలి. చేప తలను మన కంటి ఎత్తుకు తెచ్చుకుంటే కన్ను ఉబ్బుగా ఉందా, చదునుగా ఉందా, గుంటగా ఉందా తేలిగ్గా తెలుస్తుంది. మెరుపును మాత్రం నమ్మకూడదు. నీళ్ళు చల్లితే ఏ కన్నయినా మెరుస్తుంది.

అయితే కన్నుకు ఒక లోపముంది. మంచు ముక్క కంటికి ఆని ఉంటే తాజా చేపకైనా పైపొర మబ్బేస్తుంది. గడ్డకట్టి కరిగిన చేప కన్ను తెల్లబడటం అందరూ చూసేదే. వలలో గింజుకున్నప్పుడు దారం కంటికి తగిలి ఎర్రబారడమూ ఉంది. థర్మోకోల్ పెట్టెలోని బొచ్చెల కళ్ళు ఆ రోజు కాస్త మసకగానే కనిపించాయి. గోనెపట్టా మీదవి అంతకంటే మెరిశాయి. కళ్ళనే నమ్మితే నేను పొరపాటున గోనెపట్టా మీదిదేదో ఒకటి తీసుకునేవాణ్ణి.

నేను ఎక్కువ నమ్మేది మొప్పలను. బొటనవేలితో మూత ఎత్తి లోపల చూడాలి. అమ్మేవాళ్ళు అభ్యంతరం చెప్పరు, చెబితే అక్కడ కొనక్కర్లేదు. మొప్ప అంటే దువ్వెన పళ్ళలా వరసగా ఉన్న సన్నటి రేకులు. నీళ్ళలోని ఆక్సిజన్‌ను రక్తంలోకి తీసుకునే చోటు కాబట్టి రక్తానికీ బయటి నీటికీ మధ్య అతి పలచని పొర మాత్రమే ఉంటుంది. ఆ పలచదనమే మనకు పనికొస్తుంది. ఒంట్లో మరెక్కడా రక్తం ఇంత నేరుగా కంటికి కనపడదు.

రక్తానికి ఎర్రదనమిచ్చే హిమోగ్లోబిన్‌లో ఇనుము ఉంటుంది. చేప బతికున్నంతసేపూ కణాల్లోని ఎంజైములు ఆ ఇనుమును సరైన రూపంలో ఉంచుతాయి. చచ్చాక ఆ కాపలా పోతుంది, ఇనుము ఆక్సీకరణం చెంది మెట్‌హిమోగ్లోబిన్ తయారవుతుంది. దాని రంగు గోధుమ. అందుకే పల్నాటి పండుమిరప రంగులో ఉన్న మొప్ప మొదట ముదురు ఎరుపుకు, తరవాత ఇటుక రంగుకు, చివరికి కాఫీ రంగుకు, బూడిదకు దిగుతుంది. ఎండలో ఈ మార్పు గంటల్లో జరుగుతుంది, మంచులో రోజులు పడుతుంది. వేగం వేరు గానీ వరస అదే. అందుకే మంచు చేపను, నది చేపను ఒకే కొలతతో చూడటానికి మొప్ప వీలిస్తుంది.

రంగు ఒక్కటే చూసి ఆగకూడదు. మంచు కరిగిన నీళ్ళు రోజంతా మొప్పల మీంచి కారితే రక్తం కడుక్కుపోయి తాజా చేప మొప్ప కూడా వెలిసిన గులాబీ రంగులో కనపడుతుంది. పట్టగానే రక్తం తీసేసిన చేపకూ అంతే. అలాంటప్పుడు జిగురు చూడాలి. తాజా మొప్పల మీద జిగురు పలచగా, పారదర్శకంగా ఉంటుంది, రేకులు దేనికది విడివిడిగా కనిపిస్తాయి. చేప పాతబడితే జిగురు చిక్కబడి పాలలా, తరవాత పసుపుగా మారి రేకులను అంటించేస్తుంది. వెలిసిపోయినా రేకులు విడివిడిగా ఉంటే అది మంచునీళ్ళ పని. గోధుమరంగులో అతుక్కుపోయి ఉంటే అది కాలం పని.

జిగురు చిక్కబడటానికి కారణం బాక్టీరియా. ఆరోగ్యంగా ఉన్న చేప కండలో సూక్ష్మజీవులుండవు. చర్మం మీది జిగురులో, మొప్పల్లో, పేగుల్లో మాత్రం లక్షల్లో ఉంటాయి. బతికున్నంతకాలం చేప రక్షణ వ్యవస్థ వాటిని అక్కడే ఆపుతుంది. ప్రాణం పోయాక ఆ మూడు చోట్ల నుంచే లోపలికి బయలుదేరతాయి. మొప్పల్లో తేమ ఉంది, రక్తం ఉంది, గాలి తగులుతుంది. కాబట్టి అవి అక్కడే ముందు పెరుగుతాయి. చెడు వాసన కండ కంటే ముందు మొప్పల్లో పుట్టేది అందుకే.

వాసన చూడాల్సిన చోటు కూడా అదే. చేప పైన ముక్కు పెడితే పక్క చేప వాసన, గోనెపట్టా వాసన, మురుగు వాసన అన్నీ కలిసి వస్తాయి. మూత ఎత్తి లోపల ముక్కు పెట్టాలి, లేదా వేలు మొప్పల్లో పెట్టి తీసి వేలు వాసన చూడాలి.

ఇక్కడ మన ముక్కు ఒక పొరపాటు చేస్తుంది. "నీచు వాసన వస్తే పాతది, రాకపోతే మంచిది" అని చిన్నప్పటి నుంచి వింటాం. ఆ కొలత సముద్రపు చేపలది. ఉప్పునీటిని తట్టుకోవడానికి సముద్రపు చేపలు ఒంట్లో ట్రైమిథైలమైన్ ఆక్సైడ్ అనే పదార్థాన్ని దాచుకుంటాయి. దానికి వాసన లేదు. బాక్టీరియా దాన్ని ట్రైమిథైలమైన్‌గా మార్చినప్పుడు ఆ నీచు పుడుతుంది. మంచినీటి చేపల్లో ఆ పదార్థం చాలా తక్కువ. బొచ్చె పాడవుతున్నా ఆ పరిచితమైన నీచు గట్టిగా రాకపోవచ్చు, దాని బదులు కుళ్ళిన గడ్డి వాసనో, పుల్లటి వాసనో, ఇంకా ముదిరితే గంధకం కలిసిన కుళ్ళు కోడిగుడ్డు వాసనో వస్తుంది. నిజాంపట్నం నుంచి వచ్చిన కానాగంతల దగ్గర శిక్షణ పొందిన ముక్కు, పులిచింతల బొచ్చె దగ్గర నీచు కోసం వెతికి, అది దొరకక తాజాదని తేల్చేస్తుంది.

తాజా మంచినీటి చేప మొప్పల్లో పాచి పట్టిన గట్టు వాసన, కోసిన దోసకాయను తలపించే పచ్చి వాసన వస్తాయి. తరవాత కొంతకాలం ఏ వాసనా ఉండదు. ఆ తరవాతే చెడు వాసన. మధ్యలో ఉన్న ఆ ఖాళీ దశ చేప కొంచెం పాతబడిందని చెబుతుంది, తినడానికి మాత్రం బాగానే ఉంటుంది.

బురద వాసన సంగతి వేరు. నిలవ నీళ్ళలోని నీలి ఆకుపచ్చ నాచు, కొన్ని రకాల బాక్టీరియా జియోస్మిన్ అనే పదార్థాన్ని తయారుచేస్తాయి. తొలకరికి నేల నుంచి లేచే వాసనలోనూ అదే ఉంటుంది. బతికున్న చేప ఒంట్లోకే అది చేరుతుంది కాబట్టి అప్పుడే పట్టిన చేపలోనూ వస్తుంది. నచ్చకపోవచ్చు గానీ అది వయసుకు గుర్తు కాదు.

ఒక మాట వంటింటి గురించి. ట్రైమిథైలమైన్ క్షార స్వభావం గలది. చింతపండు పులుపు తగిలితే అది లవణంగా మారి గాలిలోకి లేవలేకపోతుంది, అంటే నీచు తగ్గుతుంది. నిమ్మకాయ రుద్దినా మజ్జిగలో కడిగినా జరిగేది అదే. పులుసు వాసన తగ్గిస్తుంది గానీ పాతబడిన చేపను తాజాగా చెయ్యదు. కాబట్టి ముక్కుతో తీర్పు చెప్పాల్సింది పచ్చి చేప దగ్గరే.

నాలుగోది గట్టిదనం. దీన్ని తప్పుగా అర్థం చేసుకునేవాళ్ళే ఎక్కువ. చేప చచ్చిన వెంటనే ఒళ్ళు మెత్తగా, వేలాడుతూ ఉంటుంది. కండరాలు సడలడానికి ఏటీపీ అనే శక్తి పదార్థం కావాలి. ఊపిరి ఆగాక ఒంట్లో మిగిలిన ఏటీపీ కాసేపటికి అయిపోతుంది. అప్పుడు కండరంలోని రెండు రకాల పోగులు ఒకదానికొకటి బిగిసి విడివడలేకపోతాయి, చేప కర్రలా అవుతుంది. తల పట్టుకుని అడ్డంగా ఎత్తితే తోక వంగదు. తరవాత కండలోని ఎంజైములే ఆ బిగువును మెల్లగా తెంచేస్తాయి, మళ్ళీ మెత్తబడుతుంది. కర్రలా ఉన్న చేప కచ్చితంగా ఆ మధ్య దశలో ఉంది, అంటే మంచిదే. మెత్తటి చేప మాత్రం ఇప్పుడే చచ్చిందైనా కావచ్చు, బిగువు దాటి పోయిందైనా కావచ్చు. కళ్ళ ముందే చచ్చిన చేప మెత్తగా ఉందని వద్దనేవాళ్ళను చూశాను.

ఆ రెండు మెత్తదనాలనూ విడదీసేది బొటనవేలు. వీపు రెక్కకు కాస్త కింద, కండ మందంగా ఉన్నచోట నొక్కి వదిలెయ్యాలి. అప్పుడే చచ్చిన చేపలో గుంట వెంటనే పూడుతుంది, వేలిని వెనక్కి తోస్తున్నట్టు ఉంటుంది. పాతదానిలో గుంట అలాగే నిలుస్తుంది. ఇంకా పాతదైతే పొలుసులు చేతికి ఊడొస్తాయి. తరవాత పొట్ట నొక్కాలి. వలలో పడ్డ చేప అప్పటిదాకా మేస్తూ ఉంటుంది. కడుపు నిండా మేత, జీర్ణరసాలు ఉన్నప్పుడు అవి ప్రాణం పోయాక పేగు గోడనే కరిగించడం మొదలుపెడతాయి. వీపు గట్టిగా ఉన్నా పొట్ట జావలా ఉండి, మలద్వారం ఉబ్బి గోధుమరంగు నీరు కారుతుంటే ఆ చేపను వదిలెయ్యాలి. పెంపకపు చెరువుల్లో పట్టే ముందు మేత ఆపడం ఇందుకే.

ఈ గుర్తులన్నీ ఒకే వేగంతో మారవు, ఒక్కొక్కటి ఒక్కోచోట మోసపోతుంది. 1980లలో టాస్మేనియాలో మొదలై తరవాత యూరప్‌లో స్థిరపడ్డ నాణ్యతా సూచీ పద్ధతి చేసేదల్లా వాటిని కలపడమే. కన్ను, మొప్ప, వాసన, చర్మం, బిగువు అన్నింటికీ విడివిడిగా సున్నా నుంచి మూడు దాకా మార్కులు వేస్తారు, తాజాకు సున్నా. మొత్తం ఎంత పెరిగితే మంచులో అంత ఎక్కువ కాలం గడిచినట్టు. కన్ను ఒక్కటి మసకబారినా మిగతావి సున్నా దగ్గరుంటే మొత్తం పెద్దగా కదలదు.

థర్మోకోల్ పెట్టెలోని బొచ్చెకు నేను మనసులో అలాగే మార్కులు వేశాను. కన్ను మసక, కానీ ఉబ్బు తగ్గలేదు. మొప్ప వెలిసిన గులాబీ, రేకులు విడివిడి. వాసన దాదాపు లేదు. వీపు గట్టి. రెండు రోజులదని చెప్పినా నమ్మదగ్గదే. కాకపోతే మంచు చూశాను. ముప్ఫై డిగ్రీల్లో ఉన్న కిలో చేపను సున్నాకు దించడానికే కిలోలో మూడో వంతు మంచు కరుగుతుంది. తరవాత దారిలో తగిలే వేడికి ఇంకా కావాలి. అందుకే చేపంత బరువు మంచు వెయ్యాలంటారు. ఆ పెట్టెలో అడుగున చేపలకు మంచు బాగానే ఉంది, పై వరసవాటికి నీళ్ళు మాత్రమే మిగిలాయి. కొంటే అడుగునుంచి తీయించుకోవాలి.

గుర్తులు ఒకదానితో ఒకటి పొసగకపోతే మరింత జాగ్రత్త అవసరం. 2018 జూలైలో ఆంధ్ర నుంచి వెళ్ళిన చేపల్లో ఫార్మాలిన్ ఉందని అస్సాం ప్రభుత్వం దిగుమతిని కొన్నాళ్ళు ఆపేసింది. శవాలను నిలవ ఉంచే రసాయనం అది. మాంసకృత్తులను ఒకదానికొకటి అంటించి గట్టిపరుస్తుంది, బాక్టీరియాను చంపుతుంది. కాబట్టి వేలికి కండ గట్టిగా తగులుతుంది, చెడు వాసనా రాదు. మన నాలుగు గుర్తుల్లో రెండు మంచిదనే చెబుతాయి. కానీ పడిపోయిన కన్ను మళ్ళీ లేవదు, గోధుమరంగుకు తిరిగిన మొప్ప మళ్ళీ ఎర్రబడదు. గుంట కన్ను, పాలిపోయిన మొప్ప, రబ్బరులాంటి కండ, ఏ వాసనా లేకపోవడం ఒకే చేపలో కనిపిస్తే అనుమానించాలి. అనుమానం తీర్చేది పరీక్షే. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ చేప మీద రుద్ది చూసే కాగితపు పట్టీని ఇందుకోసమే తయారుచేసింది.

కానాగంతల వంటి సముద్రపు చేపల్లో ఇంకో చిక్కుంది. వేడిలో ఉంచితే వాటి కండలో హిస్టమైన్ తయారవుతుంది. అది కంటికి కనపడదు, చాలాసార్లు ముక్కుకు తెలియదు, వండినా పోదు. తిన్న కాసేపటికి ముఖం ఎర్రబడి, దద్దుర్లు, తలనొప్పి వస్తాయి. వాటి విషయంలో ఈ నాలుగు గుర్తులూ చాలవు, మంచు తెగకుండా వచ్చాయా అన్నది తెలియాలి. బొచ్చె, శీలావతుల విషయంలో ఆ భయం తక్కువ.

మళ్ళీ గోనెపట్టా దగ్గరికి వచ్చాను. నాలుగు బొచ్చెలున్నాయి, అన్నీ దాదాపు ఒకే సైజు, అన్నింటికీ మొప్పల వెనక దారం కోసిన గీత ఉంది. ఒక్కొక్కదానికీ మూత ఎత్తాను. మొదటిదానిలో రేకులు ఇటుక రంగు, జిగురు పాలలా ఉంది, వేలికి పుల్లటి వాసన అంటింది. రెండోది, నాలుగోది ముదురు ఎరుపు దాటి ఇటుక రంగుకు తిరుగుతున్నాయి. మూడోదాని మొప్ప పండుమిరపలా ఉంది, ఒళ్ళు కర్రలా బిగిసి ఉంది. దాన్ని తల పట్టుకుని ఎత్తితే తోక వాలలేదు.

"ఇది పడవలోకి వచ్చినప్పుడు బతికుందా పెద్దమ్మా?"

ఆమె నా వైపు చూసి, చేప వైపు చూసింది. "అదొక్కటే ఎగిరిందంట. మా ఆయన చెప్పాడు" అని, నేను అడగకుండానే దాన్ని తక్కెట్లో వేసింది.